వాద్యాలు వినిపిస్తాయి, గొంతు వినిపించదు: టీఆర్‌ఎస్ పిన్ను తికమకను పట్టుకోవడం, సరిచేయడం ఎలా?

ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి పవర్డ్ స్పీకర్‌కు ఒక కేబుల్ వేశారు. ఒక చివర చిన్న 3.5 మిల్లీమీటర్ల పిన్ను, రెండో చివర పావు అంగుళం పిన్ను. రెండూ గట్టిగానే కూర్చున్నాయి. పాట పెట్టగానే కొన్ని వాద్యాలు పలచగా వినిపిస్తున్నాయి, పెద్ద హాలులో మోగినట్టు ప్రతిధ్వని వినిపిస్తోంది, కానీ పాడే గొంతు లేదు. బేస్ కూడా లేదు. వాల్యూమ్ ఎంత పెంచినా ఆ పలచని శబ్దమే పెరుగుతోంది తప్ప గొంతు బయటికి రావడం లేదు.

ఇలా జరిగినప్పుడు చాలామంది ముందు స్పీకర్‌ను అనుమానిస్తారు. తర్వాత కేబుల్ మారుస్తారు. అదే రకం కేబుల్ కొత్తది తెచ్చి వేసినా ఫలితం మారకపోయేసరికి ఏం చేయాలో తోచదు. నిజానికి స్పీకర్ బాగానే ఉంది, కేబుల్ కూడా బాగానే ఉంది. ఒకే ఆకారంలో ఉన్న పిన్నును ఆ రెండు పరికరాలు రెండు వేర్వేరు పనులకు వాడుతున్నాయి. ఆ పనులేమిటి, తికమక ఎక్కడ జరిగిందో ఎలా కనిపెట్టాలి, దేన్ని మార్చాలి అన్నవి వరుసగా చూద్దాం.

ముందుగా పిన్ను మీది పట్టీలు లెక్కపెట్టండి

పావు అంగుళం పిన్ను మందం 6.35 మిల్లీమీటర్లు. దాని లోహపు భాగం మీద ఉంగరాల్లా సన్నని ప్లాస్టిక్ పట్టీలు ఉంటాయి. ఒకే పట్టీ ఉంటే లోహం రెండు భాగాలుగా విడిపోయిందన్నమాట. కొనను టిప్ అంటారు, మిగతా పొడవంతా స్లీవ్. ఇది టీఎస్ పిన్ను, వాడుకలో మోనో పిన్ను. రెండు పట్టీలు ఉంటే భాగాలు మూడు. టిప్‌కూ స్లీవ్‌కూ మధ్య ఉన్న చిన్న ముక్క రింగ్. ఇది టీఆర్‌ఎస్ పిన్ను.

పట్టీలను చూస్తే లోపల ఎన్ని తీగలు ఉన్నాయో తెలుస్తుంది. ఆ తీగల మీద ఏం వస్తోందో మాత్రం తెలియదు. అది పిన్ను చేతిలో లేదు, ఆ పిన్ను దూరిన జాక్ వెనక ఉన్న సర్క్యూట్ చేతిలో ఉంది.

ఈ పిన్ను పందొమ్మిదో శతాబ్దపు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల నుంచి వచ్చింది. ఆపరేటర్లు బోర్డు ముందు కూర్చుని ఒకరి లైన్‌ను మరొకరి లైన్‌కు కలపడానికి దీన్ని వాడేవారు. టెలిఫోన్ లైన్‌లోని రెండు తీగలను ఇప్పటికీ టిప్, రింగ్ అనే పిలుస్తారు. అంటే ఒకే మాటను రెండు తీగల మీద పంపే పనిలో ఈ పిన్ను మొదటి నుంచీ ఉంది. రెండు చెవులకు రెండు వేర్వేరు శబ్దాలు మోసే పని చాలాకాలం తర్వాత వచ్చి చేరింది.

హెడ్‌ఫోన్ జాక్‌లో టిప్ మీద ఎడమ చెవి శబ్దం, రింగ్ మీద కుడి చెవి శబ్దం వస్తాయి. స్లీవ్ ఆ రెండింటికీ ఉమ్మడి తిరుగుదారి. ఇక్కడ రెండు శబ్దాలు ఉన్నాయి, ఒకదానితో ఒకటి పోటీ పడవు, ఒకదాన్నొకటి పట్టించుకోవు.

స్పీకర్ మీది పావు అంగుళం జాక్ మాత్రం బ్యాలెన్స్‌డ్ లైన్ కోసం చేసినది. బ్యాలెన్స్‌డ్ లైన్‌లో ఉండేది ఒక్కటే శబ్దం. అది టిప్ మీద ఉన్నది ఉన్నట్టుగా, రింగ్ మీద తలకిందులుగా ప్రయాణిస్తుంది. టిప్ మీద వోల్టేజీ పైకి వెళ్లిన క్షణంలో రింగ్ మీద అంతే కిందికి వెళ్తుంది. స్లీవ్ గ్రౌండ్‌కు, కేబుల్ పైకవచానికి కలిసి ఉంటుంది. అవతల అందుకునే పరికరం చేసే పని ఒక్క తీసివేత: టిప్ మీద ఉన్న వోల్టేజీలోంచి రింగ్ మీద ఉన్న వోల్టేజీని తీసేస్తుంది. దారిలో కరెంటు తీగల నుంచి హమ్ ఎక్కితే అది రెండు తీగల మీదా సమానంగా ఎక్కుతుంది కాబట్టి, తీసివేతలో పోతుంది. తలకిందులుగా ఉన్న అసలు శబ్దం మాత్రం తీసివేసినప్పుడు రెట్టింపవుతుంది. పొడవాటి కేబుళ్ల మీద కూడా శబ్దం శుభ్రంగా రావడానికి కారణం ఇదే.

ఇప్పుడు హెడ్‌ఫోన్ జాక్ నుంచి వచ్చే ఎడమ, కుడి శబ్దాలను ఆ తీసివేత చేసే ఇన్‌పుట్‌కు ఇస్తే ఏం జరుగుతుందో ఊహించవచ్చు. అది ఎడమలోంచి కుడిని తీసేస్తుంది.

గొంతే ఎందుకు పోతుంది?

పాటను మిక్స్ చేసేటప్పుడు గాయకుల గొంతును, బేస్‌ను, డ్రమ్స్‌లో కిక్‌ను సాధారణంగా మధ్యలో ఉంచుతారు. మధ్యలో ఉంచడమంటే ఎడమ, కుడి రెండింటిలోనూ సమానంగా వేయడం. గిటారు, కోరస్, కీబోర్డు వంటివి ఎంతో కొంత పక్కలకు జరుపుతారు.

ఒక క్షణాన్ని తీసుకుందాం. గొంతు వల్ల రెండు వైపులా 0.5 వోల్టులు ఉన్నాయి. గిటారు ఎడమ వైపు మాత్రమే ఉంది, దాని వల్ల 0.2 వోల్టులు. అప్పుడు టిప్ మీద మొత్తం 0.7, రింగ్ మీద 0.5. స్పీకర్ ఇన్‌పుట్ తీసివేసి చూస్తే మిగిలేది 0.2. అది అచ్చంగా గిటారు. గొంతు గిటారు కంటే రెండున్నర రెట్లు పెద్దదిగా ఉన్నా దాని ఆనవాలు కూడా మిగలలేదు.

గొంతుకు చేర్చిన ప్రతిధ్వని మాత్రం మిగులుతుంది. ఎందుకంటే దాన్ని విశాలంగా వినిపించేలా ఎడమకు ఒకలా, కుడికి ఒకలా తయారుచేస్తారు. గొంతు లేకుండా దాని ప్రతిధ్వని మాత్రమే వినిపించడం ఈ తికమకకు గట్టి గుర్తు. స్పీకర్ లోపాల వల్ల శబ్దం సాధారణంగా ఇలా ఉండదు. స్పీకర్ పాడైతే గరగర వస్తుంది, తీగ తెగితే చాలాసార్లు శబ్దం ఆగుతుంది లేదా హమ్ వస్తుంది. పాడైన స్పీకర్ గొంతును మాత్రమే ఏరి తీసేయదు.

ఉపన్యాసం, వార్తలు, ఫోన్‌లో రికార్డు చేసిన మాట వంటివి మోనోలో ఉంటాయి, అంటే రెండు వైపులా ఒకే శబ్దం. అవి దాదాపు నిశ్శబ్దంగా మారతాయి. పాటలు కాస్త వినిపించి, మాటల రికార్డింగులు అసలు వినిపించకపోతే అనుమానం ఇటే పోవాలి.

రెండు పరీక్షలు, ఏ పరికరమూ అక్కర్లేదు

మొదటిది బ్యాలెన్స్ పరీక్ష. కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఎడమ కుడి బ్యాలెన్స్ సెట్టింగు తెరవండి. పాట నడుస్తుండగా దాన్ని పూర్తిగా ఎడమకు జరపండి. కుడి వైపు సున్నా అయిపోతుంది కాబట్టి స్పీకర్ తీసివేయడానికి ఏమీ మిగలదు. గొంతు ఒక్కసారిగా బయటికి వచ్చిందంటే తికమక ఖాయం. పూర్తిగా కుడికి జరిపినా గొంతు అలాగే వస్తుంది. మధ్యకు తెచ్చేకొద్దీ మళ్లీ కరిగిపోతుంది. వాల్యూమ్ తక్కువలో ఉంచి ఈ పని చేయండి, ఎందుకంటే గొంతు వచ్చినప్పుడు శబ్దం బాగా పెద్దదవుతుంది.

రెండోది మోనో పరీక్ష. ఫోన్లలో, కంప్యూటర్లలో మోనో ఆడియో అనే సెట్టింగు ఉంటుంది. ఒక చెవితో వినేవారికి ఉపయోగపడేందుకు పెట్టింది కాబట్టి చాలాచోట్ల యాక్సెసిబిలిటీ విభాగంలో కనిపిస్తుంది. బ్యాలెన్స్‌ను మధ్యలో ఉంచి ఆ సెట్టింగును ఆన్ చేయండి. రెండు వైపులా ఒకే శబ్దం వెళ్తుంది, కాబట్టి తికమక ఉంటే ఉన్న పలచని శబ్దం కూడా ఆగిపోతుంది. సరిగ్గా కలిపిన చోట ఈ సెట్టింగు వల్ల శబ్దం ఆగదు.

ఈ సందర్భంలో ఇంకో విషయం చాలామంది గమనిస్తారు. పిన్నును సగం బయటికి లాగితే గొంతు వచ్చేస్తుంది. దానికీ కారణం ఉంది. పిన్ను ఒక మెట్టు బయటికి జరిగినప్పుడు జాక్‌లోని టిప్ స్ప్రింగు పిన్ను రింగ్‌ను తాకుతుంది, జాక్‌లోని రింగ్ స్ప్రింగు పిన్ను స్లీవ్‌ను తాకుతుంది. అంటే కుడి శబ్దంలోంచి గ్రౌండ్‌ను, అంటే సున్నాను, తీసివేస్తున్నారన్నమాట. శబ్దం మామూలుగా వస్తుంది, కానీ ఎడమ వైపు సంగీతం మొత్తం పోతుంది. పైగా ఎవరైనా కేబుల్‌ను కదిపితే పెద్ద చప్పుడు వస్తుంది. రోగం తెలుసుకోవడానికి ఒకసారి లాగి చూడండి, అలాగే వదిలేసి కార్యక్రమం నడపకండి.

సరిచేయడం: కేబుల్ మార్చాలి, స్పీకర్ కాదు

రెండు స్పీకర్లు ఉన్నా, మిక్సర్‌లో రెండు చానళ్లు ఖాళీగా ఉన్నా పని తేలిక. ఒక చివర 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్ను, రెండో చివర రెండు పావు అంగుళం మోనో పిన్నులు ఉండే వై ఆకారపు కేబుల్ తీసుకోండి. అందులో ఒక మోనో పిన్ను టిప్‌కు ఎడమ తీగ, మరో దాని టిప్‌కు కుడి తీగ వెళ్తాయి. ఎడమది ఒక స్పీకర్‌కు, కుడిది మరో స్పీకర్‌కు పెట్టండి.

మోనో పిన్ను బ్యాలెన్స్‌డ్ జాక్‌లోకి వెళ్లినప్పుడు ఏం జరుగుతుందో తెలిస్తే భయం పోతుంది. ఆ పిన్నుకు రింగ్ లేదు. జాక్‌లోని రింగ్ స్ప్రింగు పిన్ను స్లీవ్ మీదే వాలుతుంది, అంటే గ్రౌండ్‌కు కలుస్తుంది. తీసివేత మళ్లీ శబ్దంలోంచి సున్నా తీసేయడమే అవుతుంది. ఇన్‌పుట్‌కు దీనివల్ల ఏ హానీ లేదు. దారిలో ఎక్కే హమ్‌ను రద్దు చేసే లాభం ఒక్కటే పోతుంది, అందుకే ఇలాంటి కేబుల్‌ను నాలుగైదు మీటర్లకు మించి లాగకుండా ఉంటే మంచిది. అంతకంటే దూరం వెళ్లాల్సి వస్తే ల్యాప్‌టాప్ పక్కనే, శబ్దాన్ని బ్యాలెన్స్‌డ్‌గా మార్చే ఒక స్టీరియో డీఐ బాక్స్ పెట్టి, అక్కడి నుంచి బ్యాలెన్స్‌డ్ కేబుల్ వేయండి.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద రాసినది చాలదు, మోనో పిన్నుల మీద ఒక్క పట్టీయే ఉందో లేదో చూడండి. వై కేబుళ్లలోనే వేరే రకం ఉంది. దాని మూడు చివర్లూ టీఆర్‌ఎస్ పిన్నులే. అది ఒకే స్టీరియో శబ్దాన్ని రెండు చోట్లకు పంచడానికి చేసినది, మీ సమస్యను రెండు స్పీకర్లకూ పంచుతుంది.

స్పీకర్ ఒక్కటే ఉంటే కాస్త ఆలోచించాలి. అదే వై కేబుల్‌లో ఎడమ పిన్ను మాత్రమే స్పీకర్‌కు పెట్టి, ల్యాప్‌టాప్‌లోనో ఫోన్‌లోనో మోనో ఆడియో ఆన్ చేయడం అన్నిటికంటే సులువైన దారి. రెండు వైపుల సంగీతం కలిసి ఎడమ తీగలోనే వస్తుంది, ఏదీ పోదు. వాడని కుడి పిన్ను దేనికీ తగలకుండా టేపు చుట్టి పక్కన పెట్టండి. తికమక కేబుల్‌తో నిశ్శబ్దం తెచ్చిపెట్టిన సెట్టింగే సరైన కేబుల్‌తో పరిష్కారం అవుతుంది.

ఆ సెట్టింగు లేని పరికరమైతే ఎడమ, కుడి తీగలను కేబుల్‌లోనే కలపాలి. నేరుగా ముడివేయకండి. హెడ్‌ఫోన్ అవుట్‌పుట్‌లో ఎడమకు ఒక యాంప్లిఫయర్, కుడికి ఒకటి ఉంటాయి. రెండూ వేర్వేరు వోల్టేజీలు ఇవ్వాలని చూస్తుంటే, వాటిని ముడివేసిన చోట ఒకదానిలోంచి మరొకదానిలోకి కరెంటు పారుతుంది. శబ్దం చీలుతుంది, చిప్ వేడెక్కుతుంది. దానికి బదులు ఎడమ తీగకు ఒక 1 కిలో ఓమ్ రెసిస్టర్, కుడి తీగకు మరొకటి వరుసలో వేసి, వాటి అవతలి కొసలను కలిపి మోనో పిన్ను టిప్‌కు సోల్డర్ చేయండి. స్లీవ్‌ను స్లీవ్‌కు కలపండి. స్పీకర్ లైన్ ఇన్‌పుట్ 10 కిలో ఓమ్‌లు, అంతకంటే ఎక్కువ ఉంటుంది కాబట్టి ఈ రెసిస్టర్ల వల్ల శబ్దం చెప్పుకోదగినంత తగ్గదు. పిన్ను తొడుగులోనే అవి పట్టేస్తాయి.

ఎలక్ట్రానిక్ కీబోర్డు వాయించేవారికి ఇంకా సులువైన దారి ఉంది. హెడ్‌ఫోన్ జాక్ నుంచి మిక్సర్‌కు టీఆర్‌ఎస్ కేబుల్ వేసి, కొన్ని స్వరాలు పలచబడుతున్నాయని బాధపడేవారు చాలామంది. చాలా కీబోర్డుల వెనక ఎడమ లేదా మోనో అని గుర్తు పెట్టిన లైన్ అవుట్ జాక్ ఉంటుంది. కుడి జాక్ ఖాళీగా ఉన్నప్పుడు రెండు వైపుల శబ్దాన్నీ అది లోపలే కలిపి ఇస్తుంది. దానికి మామూలు గిటారు కేబుల్ వేస్తే సరిపోతుంది.

తికమక రెండో వైపు నుంచి: లైన్ అవుట్‌కు హెడ్‌ఫోన్

రికార్డింగు కోసం కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ వెనక లైన్ అవుట్ 1, 2 అని రెండు పావు అంగుళం జాక్‌లు ఉంటాయి. హెడ్‌ఫోన్ పిన్ను వాటిలో ఏదైనా ఒకదానిలో చక్కగా కూర్చుంటుంది, శబ్దం కూడా వస్తుంది. కానీ ఆ జాక్‌లో ఉన్నది ఒకే చానల్. ఎడమ చెవికి ఆ శబ్దం ఉన్నట్టుగా, కుడి చెవికి అదే శబ్దం తలకిందులుగా అందుతుంది.

ఇది స్పీకర్ తికమకలా గొంతును తుడిచెయ్యదు. రెండు చెవులూ విడివిడిగా వింటున్నాయి, గాలిలో కలిసి రద్దయ్యే అవకాశం లేదు. కానీ మెదడు ఆ రెండింటినీ కలిపి ఒక చోటు కట్టలేకపోతుంది. తల మధ్యలో వినిపించాల్సిన గొంతు ఎక్కడా నిలవకుండా రెండు పక్కలకూ చెదిరినట్టు ఉంటుంది. కొద్దిసేపటికే చికాకు మొదలవుతుంది. ఒక చెవి తొడుగు తీసి వింటే అంతా మామూలుగా ఉంటుంది, రెండూ పెట్టుకుంటేనే వింతగా ఉంటుంది. ఇలా తెలిస్తే ఆ జాక్ బ్యాలెన్స్‌డ్ అని అర్థం.

శబ్దం చిన్నదిగా ఉండటం ఇంకో గుర్తు. లైన్ అవుట్ పని వోల్టేజీ ఇవ్వడమే, కరెంటు ఇవ్వడం కాదు. దాని లోపల వరుసలో రెసిస్టర్లు ఉంటాయి. ఉదాహరణకు ఒక్కో తీగకు 150 ఓమ్‌లు ఉన్నాయనుకుందాం, మీ హెడ్‌ఫోన్ 32 ఓమ్‌లది. మొత్తం 182 ఓమ్‌లలో హెడ్‌ఫోన్ వాటా 32 మాత్రమే. అంటే వోల్టేజీలో ఆరో వంతు కంటే కాస్త ఎక్కువ మాత్రమే చెవికి చేరుతుంది. మిగతాది ఆ రెసిస్టర్లలోనే ఆగిపోతుంది.

ఏ అడాప్టరూ దీన్ని సరిచేయలేదు. హెడ్‌ఫోన్ బొమ్మ ఉన్న జాక్‌లోకి మార్చండి. అలాంటిది లేకపోతే లైన్ అవుట్ రెండింటి నుంచీ ఒక హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌కు కేబుళ్లు వేయండి, దాని నుంచి వినండి.

కొన్ని లైన్ అవుట్‌లలో ఎడమ చెవికే శబ్దం వచ్చి కుడి చెవి పూర్తిగా మూగగా ఉంటుంది. హెడ్‌ఫోన్ పాడైందని అనుకోకండి. దాని కారణం కింది కొలతల్లో తెలుస్తుంది.

గుర్తు లేని జాక్‌ను మల్టీమీటర్‌తో తెలుసుకోవడం

పాత పరికరాల మీద అక్షరాలు చెరిగిపోతాయి, కొన్నిటి మీద అవుట్ అని మాత్రమే ఉంటుంది. అప్పుడు మూడు కొలతలు చాలు. మల్టీమీటర్‌లో 2 వోల్టుల ఏసీ రేంజి ఉండాలి. చవక మీటర్లలో ఏసీ 200 వోల్టుల నుంచే మొదలవుతుంది, వాటితో ఈ చిన్న వోల్టేజీలు నమ్మకంగా చదవలేం.

రెండు వైపులా ఒకేలా ఉండే 100 హెర్ట్జ్ స్వరం ఒకటి కావాలి. మామూలు మీటర్లు తక్కువ పౌనఃపున్యాల దగ్గరే సరిగ్గా చదువుతాయి కాబట్టి 1000 హెర్ట్జ్ కంటే 100 మేలు. sox అనే ప్రోగ్రామ్ ఉన్న కంప్యూటర్‌లో ఈ ఒక్క ఆదేశంతో రెండు నిమిషాల ఫైల్ తయారవుతుంది:

```
sox -n -r 44100 -c 1 tone.wav synth 120 sine 100 gain -6
```

అనుమానం ఉన్న జాక్‌కు మంచి టీఆర్‌ఎస్ కేబుల్ ఒకటి పెట్టి, దాని రెండో చివరను ఖాళీగా టేబుల్ మీద ఉంచండి. ఫైల్‌ను ఆ పరికరం ద్వారా నడపండి. మీటర్ ప్రోబు కొన ఒకేసారి రెండు భాగాలను తాకకుండా చూసుకుంటూ మూడు చోట్ల కొలవండి: టిప్‌కూ స్లీవ్‌కూ మధ్య, రింగ్‌కూ స్లీవ్‌కూ మధ్య, చివరగా టిప్‌కూ రింగ్‌కూ మధ్య.

మొదటి రెండు కొలతలూ 0.5 వోల్టులు వచ్చాయనుకోండి. అంతవరకు ఏమీ తేలదు, స్టీరియో జాక్ అయినా బ్యాలెన్స్‌డ్ జాక్ అయినా అలాగే వస్తుంది. తేల్చేది మూడోది. టిప్‌కూ రింగ్‌కూ మధ్య దాదాపు సున్నా వస్తే రెండు తీగలూ కలిసికట్టుగా పైకీ కిందికీ వెళ్తున్నాయి, అంటే అది స్టీరియో అవుట్‌పుట్. అక్కడ 1 వోల్టు వస్తే ఒకటి పైకి వెళ్తున్నప్పుడు మరొకటి కిందికి వెళ్తోంది, అంటే బ్యాలెన్స్‌డ్.

మూడో రకం కూడా ఉంది. టిప్ నుంచి స్లీవ్‌కు 1 వోల్టు, రింగ్ నుంచి స్లీవ్‌కు సున్నా, టిప్ నుంచి రింగ్‌కు మళ్లీ 1 వోల్టు. రింగ్ మీద శబ్దమే లేదు కదా, కేబుల్‌లో తీగ తెగిందేమో అనిపిస్తుంది. ఇంకో కేబుల్‌తోనూ అదే వస్తే ఇది ఇంపీడెన్స్ బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ కావచ్చు. ఇందులో రింగ్‌ను ఒక రెసిస్టర్ ద్వారా గ్రౌండ్‌కు కలుపుతారు. టిప్ వెనక ఎంత రెసిస్టెన్స్ ఉందో రింగ్ వెనకా అంతే ఉండేలా చూస్తారు. హమ్ రద్దు కావడానికి కావలసింది రెండు తీగల మీదా అది సమానంగా ఎక్కడమే. రెండు తీగల వెనక రెసిస్టెన్స్ సమానంగా ఉంటే ఆ పని జరుగుతుంది. రెండో తీగ మీద తలకిందుల శబ్దం ఉండటం తప్పనిసరి కాదు. ఇలాంటి జాక్‌లో హెడ్‌ఫోన్ పెడితే కుడి చెవి మూగబోతుంది.

హెడ్‌ఫోన్‌ను, దాని అడాప్టర్‌ను అనుమానిస్తే మీటర్‌ను ఓమ్‌లకు మార్చి పిన్ను దగ్గరే కొలవండి. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ అయితే టిప్ నుంచి స్లీవ్‌కు 32కు దగ్గరగా, రింగ్ నుంచి స్లీవ్‌కూ అంతే, టిప్ నుంచి రింగ్‌కు 64కు దగ్గరగా రావాలి. కొలుస్తున్నప్పుడు చెవి తొడుగులో చిన్న టిక్కు కూడా వినిపిస్తుంది. రింగ్ నుంచి స్లీవ్‌కు సున్నా వస్తే మధ్యలో ఉన్నది మోనో అడాప్టర్, కుడి చెవి దానిలోనే షార్ట్ అయిపోయింది.

పాడయ్యే అవకాశం ఉన్న చోట్లు

ఇంతవరకు చెప్పిన తికమకల్లో చాలావరకు చెడు శబ్దమే నష్టం. కేబుల్ మార్చగానే అంతా మామూలవుతుంది. మూడు చోట్ల మాత్రం జాగ్రత్త కావాలి.

హెడ్‌ఫోన్ జాక్‌లో మోనో పిన్ను పెడితే కుడి చానల్ యాంప్లిఫయర్ అవుట్‌పుట్ నేరుగా గ్రౌండ్‌కు షార్ట్ అవుతుంది. రక్షణ సర్క్యూట్ ఉన్నవి తట్టుకుంటాయి, లేనివి వేడెక్కుతాయి. హెడ్‌ఫోన్ జాక్ నుంచి గిటారు కేబుల్‌తో స్పీకర్‌కు ఇవ్వడం చాలామందికి అలవాటు. శబ్దం బాగానే వస్తుంది కాబట్టి తప్పని తెలియదు. గంటల తరబడి అలా నడపకండి. హెడ్‌ఫోన్ జాక్‌లోకి వెళ్లే పిన్ను మీద ఎప్పుడూ కనీసం రెండు పట్టీలు ఉండాలి.

బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌లో మోనో పిన్ను పెట్టడం కూడా రింగ్‌ను షార్ట్ చేయడమే. ఇంపీడెన్స్ బ్యాలెన్స్‌డ్ అయితే రింగ్ మీద ఏమీ లేదు కాబట్టి ఫరవాలేదు. రెండు తీగలనూ విడివిడిగా నడిపే మామూలు రకం అయితే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది, పెద్ద స్వరాల దగ్గర చీలవచ్చు. దానికోసం టీఆర్‌ఎస్ పిన్ను ఒక వైపు, టీఎస్ పిన్ను మరో వైపు ఉండి, మధ్యలో రింగ్ తీగ దేనికీ కలపకుండా వదిలేసిన కేబుల్ చేయించుకోవచ్చు. పరికరం మాన్యువల్‌లో మోనో పిన్ను వాడవచ్చని రాసి ఉంటే ఆ శ్రమ అక్కర్లేదు. కొన్ని అవుట్‌పుట్‌లలో రింగ్‌ను గ్రౌండ్‌కే కలపాలని అందులో రాసి ఉంటుంది, ముందు అది చదవండి.

మూడోది ఫాంటమ్ పవర్, అంటే మైక్ కేబుల్ ద్వారానే మిక్సర్ మైకుకు పంపే కరెంటు. ఫోన్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి, మైకులకు వాడే ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్నుకు మారే కేబుల్ వేసి మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌కు ఇచ్చేవారు ఉన్నారు. అక్కడా అదే తీసివేత జరుగుతుంది కాబట్టి గొంతు పోతుంది. అంతకంటే ముఖ్యంగా, కండెన్సర్ మైకుల కోసం ఆన్ చేసిన 48 వోల్టులు అదే కేబుల్‌లోంచి వెనక్కి వెళ్లి ఫోన్ జాక్‌ను చేరతాయి. మధ్యలో 6.8 కిలో ఓమ్ రెసిస్టర్లు ఉండటం వల్ల కరెంటు ఒక్కో తీగకు దాదాపు 7 మిల్లీ ఆంపియర్లకు మించదు, కానీ ఫోన్‌లోని చిన్న చిప్‌కు అది కూడా ఎక్కువే. ముందు 48 వోల్టుల స్విచ్ ఆపండి, మిక్సర్ లోపల నిల్వ ఉన్నది దిగడానికి ఒక నిమిషం ఆగండి, అప్పుడు పిన్ను తీయండి.

మిక్సర్ వెనక ఇన్‌సర్ట్ అని రాసి ఉన్న పావు అంగుళం జాక్ స్టీరియో, బ్యాలెన్స్‌డ్ అనే రెండింటిలో దేనికీ చెందదు. అక్కడ సాధారణంగా టిప్ మీద శబ్దం బయటికి వెళ్తుంది, రింగ్ మీద కంప్రెసర్ వంటి పరికరం నుంచి తిరిగి లోపలికి వస్తుంది. అందులో టీఆర్‌ఎస్ బ్యాలెన్స్‌డ్ కేబుల్ గానీ హెడ్‌ఫోన్ గానీ పెడితే ఆ చానల్ శబ్దం ఆగిపోతుంది లేదా బాగా తగ్గిపోతుంది. పిన్ను తీయగానే తిరిగి వస్తుంది.